వాటాదారు ఫిర్యాదుకు కమిటీ ఉంది, కార్మికుడి ప్రాణానికి?

కామర్స్, మేనేజ్‌మెంట్, లా చదివే విద్యార్థులందరికీ రెండు కమిటీల పేర్లు తెలిసే ఉంటాయి. ఒకటి రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీ. రెండోది స్టేక్‌హోల్డర్స్ రిలేషన్‌షిప్ కమిటీ. స్టాక్ ఎక్స్చేంజీలో నమోదైన కంపెనీల బోర్డుల్లో ఇవి ఉంటాయి. ఒకటి ప్రమాదాలను ముందే పసిగడుతుందని, రెండోది కంపెనీతో సంబంధం ఉన్న వాళ్ల గోడు వింటుందని పేర్లను బట్టి అనుకుంటాం. కంపెనీ పాలన మీద పరిశోధన చేస్తూ వార్షిక నివేదికలు చదువుతున్న కొద్దీ నాకు ఒక సంగతి స్పష్టమవుతోంది. ఈ రెండు పేర్లలోని ‘రిస్క్’, ‘స్టేక్‌హోల్డర్’ అనే మాటలకు మనం అనుకునే అర్థం వేరు, నిబంధనల్లో ఉన్న అర్థం వేరు. ఆ తేడాలోనే కార్మికుడు కనిపించకుండా పోతున్నాడు.

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడు మనకు గుర్తుంది. మందు బిళ్లల తయారీలో వాడే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అనే పొడిని అక్కడ తయారు చేస్తారు. రెండు రోజుల తర్వాత కంపెనీ స్టాక్ ఎక్స్చేంజీలకు పంపిన సమాచారంలో 40 మంది చనిపోయారని, చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి కోటి రూపాయలు ఇస్తామని, ప్లాంటు దాదాపు 90 రోజులు మూతపడుతుందని చెప్పింది. ఆచూకీ దొరకని వాళ్లను కూడా కలుపుకుంటే ఆ సంఖ్య తర్వాత 50 దాటింది. వాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ వంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన వలస కార్మికులు. ఆ పేలుడుకు కారణం ఏమిటో, బాధ్యులెవరో తేల్చాల్సింది దర్యాప్తులూ కోర్టులూ. నేను ఇక్కడ అడుగుతున్నది వేరే ప్రశ్న. అది లిస్టెడ్ కంపెనీ. ఇలాంటి కంపెనీల్లో కార్మికుడి ప్రాణానికి ఉన్న ముప్పును బోర్డు స్థాయిలో ఏ కమిటీ చూడాలని మన నిబంధనలు చెబుతున్నాయి?

ముందు స్టేక్‌హోల్డర్స్ రిలేషన్‌షిప్ కమిటీ సంగతి చూద్దాం. 2013 కంపెనీల చట్టం 178వ సెక్షన్ ప్రకారం, ఒక ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా వాటాదారులు, డిబెంచర్‌దారులు, డిపాజిటర్లు, ఇతర సెక్యూరిటీలు ఉన్నవారు కలిపి 1000 మందికి మించితే ఆ కంపెనీ ఈ కమిటీని వేయాలి. దాని పని ఏమిటో అదే సెక్షన్ ఒక్క వాక్యంలో చెబుతుంది. సెక్యూరిటీలు ఉన్నవారి ఫిర్యాదులను పరిశీలించి పరిష్కరించడం. అంతే. పేరులో ఉన్న స్టేక్‌హోల్డర్ పనిలోకి వచ్చేసరికి సెక్యూరిటీ హోల్డర్ అయిపోయాడు. సెబీ 2015లో తెచ్చిన లిస్టింగ్ నిబంధనల్లో 20వ నిబంధన కూడా ఇదే దారిలో ఉంది. కమిటీలో కనీసం ముగ్గురు డైరెక్టర్లు ఉండాలి, వారిలో కనీసం ఒకరు స్వతంత్ర డైరెక్టర్ కావాలి, అధ్యక్ష స్థానంలో కంపెనీ రోజువారీ నిర్వహణలో లేని డైరెక్టర్ ఉండాలి. వాటాల బదిలీ ఆగినా, డివిడెండ్ అందకపోయినా, వార్షిక నివేదిక రాకపోయినా, వాటా పత్రం పోతే నకలు ఇవ్వకపోయినా ఆ ఫిర్యాదులు ఈ కమిటీ చూస్తుంది. వాటాదారులు ఓటు హక్కు సరిగ్గా వాడుకోగలుగుతున్నారా, వాటాల లెక్కలు చూసే రిజిస్ట్రార్ సంస్థ సేవలు ఎలా ఉన్నాయి, ఎవరూ తీసుకోని డివిడెండ్లను తగ్గించడానికి ఏం చేస్తున్నారు అన్నవి కూడా దాని పరిధిలోనివే.

ఇది పనికిరాని కమిటీ అని నేను అనడం లేదు. ఎప్పుడో తాత కొన్న కాగితపు షేర్ల కోసం తిరిగే కుటుంబాలకు దీని విలువ తెలుసు. డివిడెండ్ ఏడేళ్లు వరుసగా తీసుకోకపోతే ఆ డబ్బుతో పాటు షేర్లు కూడా కేంద్రం నడిపే ఇన్వెస్టర్ల నిధికి వెళ్లిపోతాయి. వాటిని వెనక్కి తెచ్చుకోవడం ఎంత తిప్పలో అనుభవించిన వాళ్లనే అడగాలి. కాబట్టి చిన్న వాటాదారుకు ఈ రక్షణ ఉండాల్సిందే. నేను చూపదలచుకున్నది ఆ రక్షణ ఎంత పటిష్ఠంగా కట్టారన్నది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక వాటాదారుకు 50 రూపాయల డివిడెండ్ అందలేదనుకోండి. ముందు కంపెనీకి రాస్తాడు. జవాబు రాకపోతే సెబీ వారి స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడతాడు. కంపెనీ 21 రోజుల్లో ఏం చర్య తీసుకుందో అక్కడే చెప్పాలి. తృప్తి కలగకపోతే సమీక్ష కోరవచ్చు, ఆ తర్వాత ఆన్‌లైన్ మధ్యవర్తిత్వానికి వెళ్లవచ్చు. ఈ త్రైమాసికం మొదట్లో ఎన్ని ఫిర్యాదులు పెండింగ్‌లో ఉన్నాయి, కొత్తగా ఎన్ని వచ్చాయి, ఎన్ని తీర్చారు, ఎన్ని మిగిలాయి అన్న లెక్కను కంపెనీ ప్రతి మూడు నెలలకూ ఎక్స్చేంజీలకు పంపాలి. ఆ లెక్క ఎవరైనా చూడవచ్చు. ఏడాదికోసారి జరిగే వాటాదారుల సర్వసభ్య సమావేశానికి ఈ కమిటీ అధ్యక్షుడు స్వయంగా హాజరై ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఒక ఫిర్యాదుకు గడువు, బహిరంగ లెక్క, బోర్డులో ఒక కమిటీ, ముఖాముఖి జవాబుదారీ అన్నీ ఉన్నాయి.

ఇప్పుడు అదే కంపెనీలో కాంట్రాక్టరు కింద పనిచేసే కార్మికుడు “డ్రయ్యర్ దగ్గర పొడి పేరుకుపోతోంది, మోటారు వేడెక్కుతోంది” అని చెప్పాడనుకోండి. ఆ మాట సూపర్‌వైజర్ దగ్గరో, కాంట్రాక్టరు దగ్గరో ఆగిపోతుంది. ప్రమాదకర ప్రక్రియలు నడిచే ఫ్యాక్టరీల్లో యాజమాన్యం, కార్మికులు సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీ వేయాలని భోపాల్ విషాదం తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 41జీ సెక్షన్ చేర్చారు. కొత్త లేబర్ కోడ్‌లోనూ భద్రతా కమిటీ ఉంది. అయితే ఆ కమిటీ ఫ్యాక్టరీ గేటు లోపలి వ్యవహారం. దాని మినిట్స్ బోర్డు కమిటీ బల్ల మీదికి రావాలని సెబీ నిబంధనలు ఎక్కడా చెప్పవు. 50 రూపాయల డివిడెండ్‌కు ఉన్న 21 రోజుల గడువు, మూడు నెలల బహిరంగ లెక్క ఈ మాటకు లేవు.

అలాంటప్పుడు ఈ ముప్పును రెండో కమిటీ, అంటే రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీ చూస్తుంది కదా అని మీరు అనవచ్చు. నిబంధనలు చదివితే అలాగే అనిపిస్తుంది. లిస్టింగ్ నిబంధనల్లోని 21వ నిబంధన ప్రకారం ఇందులో కనీసం ముగ్గురు సభ్యులు, వారిలో ఎక్కువమంది బోర్డు సభ్యులు ఉండాలి. కనీసం ఒకరు స్వతంత్ర డైరెక్టర్ కావాలి. అధ్యక్షత బోర్డు సభ్యుడే వహించాలి. ఏడాదికి కనీసం రెండుసార్లు కూర్చోవాలి. ఆర్థిక, కార్యకలాపాల, ఆయా రంగానికి ప్రత్యేకమైన, పర్యావరణ సామాజిక, సమాచార, సైబర్ భద్రతా ముప్పులను గుర్తించే విధానం రాయాలి. వాటిని తగ్గించే పద్ధతులు, ఆపద వస్తే వ్యాపారం ఆగకుండా నడిపే ప్రణాళిక ఉండాలి. ఆ విధానాన్ని కనీసం రెండేళ్లకోసారి తిరిగి చూడాలి. చీఫ్ రిస్క్ ఆఫీసర్ ఉంటే ఆయన నియామకం, తొలగింపు, జీతం ఈ కమిటీ సమీక్ష కిందికి వస్తాయి. ఏ ఉద్యోగినైనా పిలిచి సమాచారం అడిగే అధికారం, బయటి నిపుణుల సలహా తీసుకునే అధికారం కూడా దీనికి ఉన్నాయి.

అధికారం చిన్నది కాదు. చిక్కంతా ముప్పును కొలిచే కొలబద్దలో ఉంది. కంపెనీలు సాధారణంగా రిస్క్ రిజిస్టర్ అనే పట్టిక రాసుకుంటాయి. ప్రతి ముప్పుకూ రెండు అంకెలు వేస్తారు. జరిగే అవకాశం ఎంత అన్నదానికి 1 నుంచి 5 వరకు ఒకటి, జరిగితే కంపెనీకి ఎంత దెబ్బ అన్నదానికి 1 నుంచి 5 వరకు మరొకటి. రెండింటినీ గుణిస్తే ఆ ముప్పు స్కోరు వస్తుంది. ఆ తర్వాత బీమా, ప్రత్యామ్నాయ ప్లాంటు, భద్రతా పరికరాలు వంటివి చూపి స్కోరు తగ్గిస్తారు. అలా తగ్గించాక మిగిలినదాన్ని బట్టి వరుస పెట్టి, పైన ఉన్న వాటిని కమిటీ ముందు పెడతారు.

ఊహకు ఒక రసాయన కంపెనీని తీసుకుని ఈ లెక్క వేసి చూద్దాం. సెల్యులోజ్ లాంటి సన్నని పొడి గాలిలో తగిన మోతాదులో తేలుతూ, మూసిన చోట నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఈ కంపెనీ తన రిజిస్టర్‌లో ధూళి పేలుడుకు అవకాశం 2 అని, దెబ్బ 5 అని రాసిందనుకుందాం. స్కోరు 10. ప్లాంటుకు బీమా ఉంది, వేరే ఊళ్లో ఇంకో ప్లాంటు ఉంది కాబట్టి దెబ్బ 2కి తగ్గించారు. మిగిలిన స్కోరు 4. అదే పట్టికలో రూపాయి మారకం విలువ మారే ముప్పు అవకాశం 4, దెబ్బ 3, మొత్తం 12గా ఉంటుంది. హెడ్జింగ్ చూపి తగ్గించినా 8 మిగులుతుంది. కమిటీ ముందుకు వచ్చేది డాలరు రేటు. ధూళి పట్టిక అడుగున ఉండిపోతుంది. ఇక్కడ ఎవరూ అబద్ధం రాయలేదు, ఏ నిబంధనా మీరలేదు. బీమా ప్లాంటును తిరిగి ఇస్తుంది కాబట్టి కంపెనీ వైపు నుంచి చూస్తే ముప్పు నిజంగానే తగ్గింది. డ్రయ్యర్ పక్కన నిలబడ్డ మనిషికి మాత్రం ముప్పు ఒక్క పాయింటు కూడా తగ్గలేదు.

పోయిన ప్రాణం ఈ లెక్కలో ఎంత బరువు తూగుతుందో కూడా చూడాలి. 2025 జూన్ నాటికి అమల్లో ఉన్న ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం, ఈఎస్ఐ పరిధిలో లేని కార్మికుడు పనిలో చనిపోతే నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన అంకెతో గుణిస్తారు. ఎంత జీతం ఉన్నా నెల వేతనాన్ని 15,000 రూపాయల వరకే లెక్కలోకి తీసుకుంటారు. 25 ఏళ్ల వాడికి ఆ అంకె 216.91. అంటే 7,500ను 216.91తో గుణిస్తే 16,26,825 రూపాయలు. పది మంది పోయినా చట్టబద్ధమైన పరిహారం కోటి 63 లక్షలు దాటదు. వందల కోట్ల టర్నోవరు ఉన్న కంపెనీలో, దెబ్బను రూపాయల్లో మాత్రమే కొలిచే పట్టికలో ఇది 1 లేదా 2 దగ్గర ఆగిపోతుంది. పెద్ద ప్రమాదం జరిగాక కోటి చొప్పున ప్రకటించే సొమ్ము జనాగ్రహం తర్వాత వచ్చేది. ముందు రాసుకునే రిజిస్టర్‌లో అది ఉండదు.

వెల్లడి నిబంధనల్లోనూ ఇదే చూపు ఉంది. ఎక్స్చేంజీలకు తెలపాల్సిన సంఘటనల జాబితాలో అగ్నిప్రమాదం ఎక్కడుందో వెతికి చూడండి. భూకంపం, వరద, సమ్మె, లాకౌట్‌లతో కలిపి ‘యూనిట్ కార్యకలాపాలకు అంతరాయం’ అనే ఒకే అంశం కింద ఉంటుంది. మార్కెట్‌కు చెప్పాల్సింది ఉత్పత్తి ఎన్ని రోజులు ఆగుతుందన్నది. మరణం అంతరాయంలో భాగంగా మార్కెట్‌కు చేరుతుంది.

ఈ కమిటీ ఏ కంపెనీకి తప్పనిసరి అన్నదాన్ని నిర్ణయించే కొలత కూడా మార్కెట్ విలువే. మొదట మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలకు, 2019 నుంచి 500కు, 2021 నుంచి 1000కి దీన్ని వర్తింపజేశారు. వెయ్యో స్థానంలో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి కమిటీ తప్పనిసరి. అంతకంటే తక్కువ విలువ ఉన్న రసాయన కంపెనీ ఎంత ప్రమాదకరమైన సరుకు నిల్వ చేసినా సాధారణంగా తప్పనిసరి కాదు. షేరు ధర పెరిగితే కార్మికుడికి బోర్డు స్థాయిలో ఒక కమిటీ వస్తుందన్నమాట. ఇక స్టాక్ ఎక్స్చేంజీలో లేని కంపెనీల మాట సరేసరి. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మందిని బలిగొన్న ఎల్‌జీ పాలిమర్స్ కొరియా కంపెనీకి పూర్తి అనుబంధ సంస్థ. మన ఎక్స్చేంజీల్లో దాని షేర్లు లేవు కాబట్టి ఈ నిబంధనలేవీ దాని గేటు దాకా వెళ్లవు.

తనకు అప్పగించిన ఇరుకైన పనినైనా కమిటీ చేస్తుందన్న హామీ కూడా లేదు. 2018లో కుప్పకూలిన ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ ఉదంతం దీనికి సాక్ష్యం. దాని వాటాలు ఎక్స్చేంజీలో లేకపోయినా, దాని అప్పుపత్రాల్లో ఎందరో ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ డబ్బు ఉంది. 2015 నుంచి 2018 మధ్య దాని రిస్క్ కమిటీ ఒకే ఒక్కసారి సమావేశమైందని తర్వాత బయటపడింది. అందుకే వార్షిక నివేదిక చదివేటప్పుడు కమిటీ ఉందా అని చూసి ఆగిపోకూడదు. ఎన్నిసార్లు కూర్చుంది, ఎవరు వచ్చారు అన్న పట్టిక చూడాలి. ఏడాదికి సరిగ్గా రెండంటే రెండే సమావేశాలు, రిస్కుల జాబితా గత ఏడాది మాటలతోనే అచ్చు గుద్దినట్టు ఉంటే ఆ కమిటీ కాగితం మీద మాత్రమే నడుస్తోందని అనుమానించవచ్చు.

ఈ గదుల్లో ఎవరు కూర్చుంటారన్నది మనం తప్పక అడగాల్సిన ప్రశ్న. స్టేక్‌హోల్డర్స్ కమిటీ సభ్యులు డైరెక్టర్లు, రిస్క్ కమిటీలో ఎక్కువమంది డైరెక్టర్లు. అంటే బోర్డు ఎలా ఉంటే కమిటీ అలా ఉంటుంది. 2012లో అజిత్, డాంకర్, సక్సేనా ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించిన అధ్యయనం దేశంలోని 1000 అగ్రశ్రేణి కంపెనీల బోర్డులను పరిశీలించింది. దాదాపు 93 శాతం డైరెక్టర్లు అగ్రకులాల వారు. ఓబీసీలు 3.8 శాతం, ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. పొడి ఎగిరే షెడ్డులో, విషవాయువు నిండిన ట్యాంకులో దిగే కాంట్రాక్టు పనివాళ్లలో ఏ కులాల వారు ఉంటారో మనకు వేరే చెప్పక్కర్లేదు. ముప్పుకు స్కోరు వేసేవాళ్లు ఒక సమాజం, ముప్పును ఒంటి మీద మోసేవాళ్లు ఇంకో సమాజం అయినప్పుడు 5ను 2గా మార్చడం చాలా తేలిక. అడ్డు చెప్పే గొంతు ఆ గదిలో ఉండదు.

దీనికి ఎదురయ్యే వాదన నాకు తెలుసు. సెబీ పెట్టుబడిదారుల రక్షణకు పుట్టిన సంస్థ, కార్మికుల భద్రత చూడడానికి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లు, కార్మిక శాఖ ఉన్నాయి, రెండింటినీ కలిపితే ఏదీ సరిగ్గా జరగదు అంటారు. ఇందులో కొంత నిజముంది. ఇన్‌స్పెక్టర్ పనిని సెబీ చేయలేదు, చేయకూడదు. కానీ డైరెక్టర్ల బాధ్యత పెట్టుబడిదారుల దగ్గరే ముగుస్తుందని చట్టం చెప్పడం లేదు. కంపెనీల చట్టం 166వ సెక్షన్ ప్రకారం డైరెక్టర్లు కంపెనీ, వాటాదారులతో పాటు ఉద్యోగులు, సమాజం, పర్యావరణం మేలు కోసం కూడా పనిచేయాలి. పైగా సెబీయే మొదటి 1000 కంపెనీల నుంచి బీఆర్ఎస్ఆర్ అనే బాధ్యతా నివేదిక అడుగుతోంది. అందులో స్టేక్‌హోల్డర్ల ఫిర్యాదుల పట్టిక ఉంది. ఆ పట్టికలో స్థానిక ప్రజలు, పెట్టుబడిదారులు, వాటాదారులు, ఉద్యోగులు, కార్మికులు, వినియోగదారులు అందరూ ఉంటారు. పనిలో చనిపోయిన వారి సంఖ్య, భద్రత మీద కార్మికులు ఇచ్చిన ఫిర్యాదుల సంఖ్య కూడా రాయాలి. ఒకే నియంత్రణ సంస్థ ఒక పత్రంలో కార్మికుడిని స్టేక్‌హోల్డర్ అంటుంది, ఇంకో నిబంధనలో అదే పేరున్న కమిటీలోకి అతని ఫిర్యాదును రానివ్వదు. ఈ వైరుధ్యాన్ని సరిచేయమని అడగడం సెబీని కార్మిక శాఖగా మార్చమని అడగడం కాదు.

నేను కోరేవి మూడు మార్పులు. మొదటిది, స్టేక్‌హోల్డర్స్ కమిటీ పరిధిని బీఆర్ఎస్ఆర్ పట్టికలో ఉన్న వారందరికీ విస్తరించాలి. వాటాదారుల ఫిర్యాదుల లాగే కార్మికుల భద్రతా ఫిర్యాదుల లెక్కను, కాంట్రాక్టు కార్మికులవి కూడా కలిపి, మూడు నెలలకోసారి బయటపెట్టాలి. రెండోది, రిస్క్ రిజిస్టర్‌లో ప్రాణనష్టానికి వేరే గడి ఉండాలి. బీమా చూపి ఆ గడిలోని అంకెను తగ్గించే వీలు ఉండకూడదు. ఫ్యాక్టరీ భద్రతా కమిటీ మినిట్స్ రిస్క్ కమిటీకి చేరాలి, ఆ కమిటీలోని కార్మిక ప్రతినిధిని ఏడాదికి ఒక్కసారైనా పిలిచి వినాలి. పిలిచే అధికారం ఇప్పటికే ఉంది, వాడాలన్న నియమమే లేదు. మూడోది, ప్రమాదకర ప్రక్రియలు నడిపే ప్రతి లిస్టెడ్ కంపెనీకీ, దాని మార్కెట్ విలువ ఎంతైనా, రిస్క్ కమిటీ తప్పనిసరి చేయాలి.

కార్మికుడిని బల్ల దగ్గర కూర్చోబెట్టడం ఈ దేశానికి కొత్త ఆలోచన కాదు. 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన అంబేద్కర్ ప్రభుత్వం, యజమానులు, కార్మికులు కలిసి కూర్చునే త్రైపాక్షిక సదస్సుకు అధ్యక్షత వహించారు. కార్మికుడి గురించి కార్మికుడు లేని చోట నిర్ణయం జరగకూడదన్న పద్ధతి అది. కంపెనీ బోర్డు గదికి ఆ పద్ధతి ఇంకా చేరలేదు.

నిబంధన మారేదాకా పరిశోధకులకు, విద్యార్థులకు చేతిలో పని ఉంది. మన చుట్టూ ఉన్న పారిశ్రామికవాడల్లోని లిస్టెడ్ కంపెనీల వార్షిక నివేదికలు ఎక్స్చేంజీల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో కంపెనీకి మూడు పేజీలు పక్కపక్కన పెట్టండి. వాటాదారుల ఫిర్యాదుల పట్టిక, రిస్క్ కమిటీ సమావేశాల పట్టిక, బీఆర్ఎస్ఆర్ ఉంటే అందులోని ప్రమాదాలు, మరణాల పట్టిక. మొదటి పట్టికలో వచ్చిన ప్రతి ఫిర్యాదూ తీరిందని, మూడో పట్టికలో వేలమంది కార్మికుల నుంచి ఏడాదంతా ఒక్క భద్రతా ఫిర్యాదూ రాలేదని రాసి ఉంటే, అక్కడ ఫిర్యాదు చేసే దారి లేదేమోనని అడగాలి. ఒక్క షేరు ఉన్నవారికీ సర్వసభ్య సమావేశంలో ఆ ప్రశ్న అడిగే హక్కుంది. స్టేక్‌హోల్డర్స్ కమిటీ అధ్యక్షుడు ఆరోజు అక్కడ ఉండి తీరాలి. ధూళి పేలుడుకు మీ రిజిస్టర్‌లో ఎంత స్కోరు వేశారు, దాన్ని ఏం చూపి తగ్గించారు అని ఆయన్నే అడగండి.